ఆపకుండా చూస్తూ వేసుకోగలిగే మేకప్ షార్ట్: వరుస ఎలా కుదురుతుంది, షేడ్ మాటల్లో ఎలా పడుతుంది

మొన్న మా పిన్ని కూతురు ఒక మేకప్ షార్ట్ చూస్తూ తయారవుతుంటే పక్కనే కూర్చున్నాను. ఫోన్ అద్దానికి ఆనించి పెట్టుకుంది, ఎడమచేతి రెండు వేళ్లకి ఫౌండేషన్ అంటుకుని ఉంది, కుడిచేతిలో బ్రష్. వీడియోలో అమ్మాయి "ఇప్పుడు ఈ షేడ్ తీసుకుని ఇక్కడ పెట్టేయండి" అనేసి ముందుకి వెళ్లిపోయింది. ఏ షేడో, ఎక్కడో చూద్దామని తను చిటికెన వేలి కణుపుతో స్క్రీన్‌ని తట్టింది. ఆగలేదు. ఇంకోసారి తట్టబోతే వేలు కాస్త పైకి జారి వేరే వీడియో వచ్చేసింది. వెనక్కి వచ్చేసరికి పాతది మళ్లీ మొదటి నుంచి మొదలైంది, స్క్రీన్ మీద ఫౌండేషన్ మరక, ఈలోపు బుగ్గ మీద రాసుకున్నది చారలుగా ఆరిపోయింది.

తప్పు తనది కాదు, తన చేతిదీ కాదు. ఆ వీడియోలో చెప్పిన మాటల్లో ఉంది. నేను ఇలాంటి చిన్న వీడియోలకి మాటలు రాస్తుంటాను కాబట్టి ఆ రోజు నుంచి ఇదే ఆలోచిస్తున్నాను: ఒక షార్ట్‌ని ఆపకుండా అనుసరించగలగడం అంటే అసలు ఏమిటి, దానికి వరుస ఎంతవరకు కారణం, షేడ్‌ని చెప్పే తీరు ఎంతవరకు కారణం.

"ఆపకుండా" అంటే సరిగ్గా ఏమిటి

యూట్యూబ్‌లో షార్ట్ అంటే మొన్నటి దాకా 60 సెకన్లే. 2024 అక్టోబర్ 15 నుంచి 3 నిమిషాల దాకా పెట్టుకోనిచ్చారు. అయినా మామూలు మేకప్‌కి, అంటే కళ్లు, ఫౌండేషన్, బ్లష్, లిప్‌స్టిక్‌కి, చేయి తిరిగినవాళ్లకే పది నిమిషాలు పడుతుంది. కాబట్టి షార్ట్ నడుస్తున్నంతసేపట్లో చూసేవాళ్లు మొత్తం వేసేసుకోవడం అనేది జరిగే పని కాదు. ఇది ముందు ఒప్పుకుంటే మిగతాదంతా తేలికవుతుంది.

జరిగేవి రెండు. కొందరు ఒకసారి మొత్తం చూసి, మనసులో పెట్టుకుని, తర్వాత అద్దం ముందు కూర్చుంటారు. వీళ్లకి కావలసింది గుర్తుండే వరుస. ఇంకొందరు వీడియోని అలా తిరగనిస్తూ వేసుకుంటారు, షార్ట్ అయిపోగానే దానంతట అదే మళ్లీ మొదలవుతుంది కదా, ఒక్కో తిరుగుడులో ఒక్కో భాగం పూర్తి చేసుకుంటారు. వీళ్ల కళ్లు అద్దం మీద ఉంటాయి, స్క్రీన్ మీద కాదు. వీళ్లకి కావలసింది చెవికి సరిపోయే మాట. ఈ ఇద్దరికీ పనికొచ్చే షార్ట్‌నే నేను ఆపకుండా అనుసరించగలిగేది అంటాను.

ఇంకో లెక్క కూడా ఉంది. స్టాప్‌వాచ్ పెట్టుకుని చదివితే నేను నిమిషానికి సుమారు 110 తెలుగు మాటలు స్పష్టంగా చెప్పగలను. తెలుగు మాటలు పొడుగు, విభక్తి కూడా మాటలోనే అతుక్కుని ఉంటుంది, గబగబా చెప్తే చివరి అక్షరాలు మింగేస్తాం, ఆ చివరి అక్షరంలోనే "రెప్ప మడతలో"నా "రెప్ప మడతపై"నా అన్నది ఉంటుంది. అంటే ఒక నిమిషం షార్ట్‌లో ఉన్న జాగా నూరు మాటలు. "హాయ్ ఫ్రెండ్స్, చాలామంది అడిగారు" లాంటి పలకరింపులకే పదో వంతు ఖర్చయిపోతే మిగిలినదాంట్లో షేడ్ ఎక్కడ చెప్తాం?

వరుసలో రెండు రకాలు: తప్పనిసరిది, అలవాటుది

మేకప్ వరుస గురించి నలుగురు నాలుగు చెప్పడానికి కారణం, అందులో కొన్ని అడుగులు మార్చడానికి వీల్లేనివి, కొన్ని ఎవరి అలవాటు వాళ్లవి. రెండింటినీ ఒకే గొంతుతో చెప్పేస్తారు కాబట్టి చూసేవాళ్లకి తేడా తెలియదు.

మార్చడానికి వీల్లేనివాటిలో మొదటిది, తడివి ముందు, పొడివి తర్వాత. ముఖం మీద పౌడర్ అద్దిన తర్వాత క్రీమ్ బ్లష్ పెడితే, ఆ క్రీమ్‌లోని నూనె పౌడర్‌ని అక్కడక్కడ పట్టుకుని ముద్ద చేస్తుంది. వేలితో కలిపేకొద్దీ మచ్చలుగా తేలుతుంది, కింద ఉన్న ఫౌండేషన్ కూడా లేచి వచ్చేస్తుంది. అదే క్రీమ్ బ్లష్‌ని పౌడర్‌కి ముందు పెడితే చర్మంలోంచి వచ్చిన ఎరుపులా ఉంటుంది. పొడి బ్లష్ అయితే దీనికి తలకిందులు, పౌడర్ తర్వాతే నున్నగా పరుచుకుంటుంది. అందుకే షార్ట్‌లో వట్టి "బ్లష్" అంటే చాలదు. క్రీమా పొడా అన్న ఒక్క మాట లేకపోతే చూసేవాళ్లు తమ దగ్గరున్న పొడి బ్లష్‌ని తడి ఫౌండేషన్ మీద అద్దేస్తారు, అది పడినచోటే అతుక్కుని చారలా ఉండిపోతుంది.

రెండోది కనురెప్పల దగ్గర. వెంట్రుకల్ని కర్లర్‌తో వంచడం మస్కారాకి ముందే. మస్కారా ఆరి బిరుసెక్కాక వంచితే వెంట్రుకలు కర్లర్‌కి అతుక్కుని ఊడొస్తాయి. ఐషాడో కూడా మస్కారాకి ముందే, లేకపోతే ఆ పొడి అంతా నల్లటి వెంట్రుకల మీద దుమ్ములా కూర్చుంటుంది.

ఇక అలవాటుది. కళ్లు ముందా, ఫౌండేషన్ ముందా అన్నది ఎప్పటి నుంచో నడుస్తున్న వాదన, రెండు పక్కలా న్యాయం ఉంది. కళ్లు ముందు అనేవాళ్లు చెప్పేది, ముదురు ఐషాడో వేసేటప్పుడు పొడి రాలి కంటి కింద పడుతుంది, కన్సీలర్ అప్పటికే వేసి ఉంటే దాన్ని తుడవబోయి కన్సీలర్‌నీ తుడిచేస్తాం. ఫౌండేషన్ ముందు అనేవాళ్లు చెప్పేది, ముఖమంతా ఒకే రంగుకి వచ్చాకే కంటికి ఎంత ముదురు కావాలో తెలుస్తుంది, అంతకుముందు వేస్తే అవసరానికి మించి వేసేస్తాం. రెండూ నిజమే. ముదురు బ్రౌన్, నలుపు, మెరుపు ఉన్న కళ్లకి మొదటిదే నయం, ఒక్క లేత రంగు పూతకి రెండోదైనా ఏమీ కాదు. షార్ట్‌కి సంబంధించినంతవరకు ముఖ్యమైనది ఏమిటంటే, ఇది అలవాటు వరుస కాబట్టి రాసేవాళ్లు తమకి వీలైనట్టు పెట్టుకోవచ్చు. ఆ వీలు ఎందుకు కావాలో తర్వాతి ముక్కలో ఉంది.

కత్తిరించేసిన నిరీక్షణ

షార్ట్ ఎడిటింగ్‌లో మొదట ఎగిరిపోయేది ఖాళీగా కూర్చున్న సమయం. సన్‌స్క్రీన్ రాసి, అది చర్మంలో కుదురుకునేదాకా ఆగి, ఆ తర్వాత ఫౌండేషన్ వేసి ఉంటారు. ఎడిట్‌లో ఆ ఆగినదంతా పోతుంది. చూసేవాళ్లకి సన్‌స్క్రీన్ మీద వెంటనే ఫౌండేషన్ పడినట్టు కనిపిస్తుంది, వాళ్లూ అలాగే చేస్తారు. అప్పుడు ఏమవుతుందో చాలామందికి అనుభవమే: రుద్దుతుంటే రబ్బరుతో చెరిపినప్పుడు వచ్చే నలుసుల్లాంటివి వేళ్ల కిందకి వస్తాయి. దీన్ని పిల్లింగ్ అంటారు. కింది పూత ఇంకా చర్మానికి పట్టుకోకముందే పైపూత దాన్ని లాగేస్తుంది, పొరలు మందంగా ఉన్నా, ఒకటి సిలికాన్‌తో ఇంకొకటి నీటితో చేసినవై ఒకదానికొకటి పడకపోయినా ఇలాగే లేస్తుంది. వీడియోలో ఎంత అందంగా కుదిరిందో తమకి ఎందుకు కుదరలేదో వాళ్లకి అర్థం కాదు, చర్మమే బాగాలేదనుకుంటారు. నాకు దీని మీదే ఎక్కువ బాధ.

"రెండు మూడు నిమిషాలు ఆగండి" అని చెప్పొచ్చు, చెప్తే మంచిదే. కానీ అంతకంటే మేలైన దారి, ఆ ఆగాల్సిన సమయంలోకి వేరే పనిని జరపడం. కళ్లు ముందు వేసే వరుస ఇక్కడ కలిసొస్తుంది. సన్‌స్క్రీన్ రాశాక ఫౌండేషన్‌కి బదులు కళ్లు మొదలుపెడితే, కళ్లు అయ్యేసరికి బుగ్గలూ నుదురూ ఎలాగూ ఆరి ఉంటాయి. షార్ట్‌లో దీనికి అయ్యే ఖర్చు ఒక్క వాక్యం: "ఇది ఆరేలోపు కళ్లు". వరుస ఎందుకలా ఉందో కూడా అందులోనే చెప్పేసినట్టు. కారణం తెలిసిన వరుస గుర్తుంటుంది, కారణం లేకుండా తొమ్మిది అడుగులు వరసగా చెప్తే నాలుగోది దాటాక ఎవరికీ గుర్తుండవు.

తొమ్మిదింటిని మూడు గుంపులుగా చెప్పడం కూడా ఇందుకే. కళ్లు, చర్మం, పెదాలు. వీడియో మొదట్లోనే ఈ మూడు మాటలు అనేస్తే, తిరుగుతున్న వీడియోలో తాము ఎక్కడున్నారో చూసేవాళ్లు ఒక్క చెవితో పట్టుకోగలరు.

చేయి వెళ్లే దారిలోనే వాక్యం

ఒక అడుగులో చూసేవాళ్ల చేయి చేసే పనులు ఇవి: వస్తువు అందుకుంటుంది, ముఖం మీద చోటు వెతుక్కుంటుంది, కదులుతుంది. తెలుగు వాక్యం సరిగ్గా ఈ దారిలోనే నడుస్తుంది, క్రియ చివర్లో వస్తుంది కాబట్టి. "సన్నటి బ్రష్‌తో, చెవి వైపు మూలలో, చుక్కలా అద్దండి." వింటున్నంతసేపూ చేయి ఒక్కో మాటకి ఒక్కో అడుగు ముందుకేస్తుంది. అదే "బ్లెండ్ చేసుకోండి, మూలల్లో, ఇందాకటి బ్రష్ కాదు, సన్నది ఉంటుంది చూడండి దాంతో" అన్నామనుకోండి, అప్పటికే పాత బ్రష్ కంటి మీదకి వెళ్లిపోయి ఉంటుంది.

చోటు చెప్పడంలో ఇంకో చిక్కు ఉంది. సెల్ఫీ కెమెరాలో కనిపించేది అద్దంలోలా తిరగేసి ఉంటుంది, రికార్డయ్యేది ఫోన్‌ని బట్టి తిరగేసి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. పైగా చూసేవాళ్లు తమ అద్దంలో ఇంకోసారి తిరగేసి చూసుకుంటున్నారు. ఇన్ని తిరుగుళ్ల తర్వాత "ఎడమ వైపు", "కుడి వైపు" అన్న మాటలకి అర్థం మిగలదు. "ముక్కు వైపు", "చెవి వైపు", "కనుబొమ్మ వైపు" అంటే ఎటు తిప్పినా మారదు. "లోపలి మూల, బయటి మూల" కూడా ఫరవాలేదు గానీ, కొత్తవాళ్లు లోపలి మూల అనగానే ఒక్క క్షణం ఆలోచిస్తారు, ముక్కు వైపు అంటే ఆలోచించరు.

షేడ్‌లో దాగిన మూడు సంగతులు

"బ్రౌన్" అన్న ఒక్క మాటలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. మొదటిది ఎంత ముదురు. రెండోది ఏ రంగు వైపు మొగ్గుతోంది, అంటే ఎరుపు కలిసిన బ్రౌనా, పసుపు కలిసిందా, బూడిద కలిసిందా. చర్మం విషయంలో ఈ మొగ్గునే అండర్‌టోన్ అంటారు. మూడోది వెలుగు పడితే ఎలా ఉంటుంది: మెరుపు లేని మ్యాటా, సన్నటి మెరుపుండే శాటినా, నలుసులు మెరిసే షిమ్మరా. ఈ మూడూ చెప్తే చూసేవాళ్లు తమ పాలెట్‌లో దానికి దగ్గరగా ఉన్నదాన్ని ఏరుకోగలరు. ఒక్కటి తగ్గినా తప్పుదాని మీద వేలు పడుతుంది. రెప్ప మడతలో నీడలా ఉండాల్సిన చోట షిమ్మర్ బ్రౌన్ పెడితే, రంగు సరైనదే అయినా, లోతుగా కనిపించాల్సిన చోటు ఉబ్బెత్తుగా కనిపిస్తుంది, ఎందుకంటే మెరిసేది ముందుకి వచ్చినట్టూ మెరవనిది వెనక్కి పోయినట్టూ మన కంటికి తోస్తుంది.

ఇంతవరకు ఏ భాషలోనైనా ఇంతే. తెలుగులో చెప్పేటప్పుడు మాత్రం మన రంగుల మాటలే మనల్ని ఇబ్బంది పెడతాయి, దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

"ఎర్రగా ఉన్న చర్మానికి" అన్నారనుకోండి. మన వాడుకలో మనిషి ఎర్రగా ఉందంటే తెల్లటి ఛాయ అని అర్థం. మేకప్ చెప్పేవాళ్ల ఉద్దేశం మొటిమల వల్లో ఎండ వల్లో ఎర్రబడిన చర్మం అని. వినేవాళ్లలో సగంమంది ఒకటి అనుకుంటారు, మిగతావాళ్లు ఇంకొకటి. "పచ్చ" దీనికంటే కష్టం. పసుపుపచ్చా పచ్చే, ఆకుపచ్చా పచ్చే, పచ్చటి ఛాయ అంటే బంగారు రంగు చర్మం. "పచ్చ వైపు అండర్‌టోన్" అంటే పసుపు మొగ్గున్న చర్మమా, ఆకుపచ్చ మొగ్గున్న ఆలివ్ చర్మమా? ఈ రెండింటికీ వేరువేరు ఫౌండేషన్లు కావాలి, పసుపు మొగ్గున్నది ఆలివ్ చర్మం మీద వేస్తే నారింజ రంగులో తేలిపోతుంది. ఇక "గోధుమ రంగు" బడి పుస్తకంలో బ్రౌన్‌కి తెలుగు, కానీ మనిషి ఛాయ దగ్గరకొచ్చేసరికి గోధుమ వన్నె అంటే లేత రంగు. "గోధుమ రంగు ఐషాడో" అంటే ఒకరు కాఫీ గింజంత ముదురు తీస్తారు, ఇంకొకరు తమ చర్మం రంగుదే తీస్తారు, ఆ రెండోవాళ్లకి కంటి మీద ఏమీ కనిపించనే కనిపించదు.

అందుకే రాసేవాళ్లు చాలామంది బ్రౌన్ అనే ఉంచేస్తారు, అది సరైన పనే అని నా అభిప్రాయం. పసుపు అన్నప్పుడు పసుపు అనీ, ఆలివ్ అన్నప్పుడు ఆకుపచ్చ మొగ్గు అనీ విప్పి చెప్తే ఒకటి రెండు మాటలు ఎక్కువ ఖర్చవుతాయి గానీ గందరగోళం పోతుంది. ఇంకోపక్క మనకి చీరల కొట్టు నుంచి వచ్చిన గట్టి మాటలు కూడా ఉన్నాయి: ఇటుక రంగు, నేరేడు రంగు, కనకాంబరం రంగు, వంకాయ రంగు. ఇవి ఒక్క మాటలోనే ముదురునీ మొగ్గునీ కలిపి చెప్పేస్తాయి. కనకాంబరం అనగానే నారింజకీ గులాబీకీ మధ్య రంగు కళ్ల ముందుకొస్తుంది, "కోరల్" అంటే అంతమందికి రాదు. మెరుపు ఉందా లేదా అన్నది మాత్రం ఈ మాటల్లో ఉండదు, అది విడిగా చేర్చాల్సిందే.

షేడ్ నంబరా, పోలికా: రెండు పక్షాలు

కొందరు గట్టిగా అనేది, షేడ్ పేరూ నంబరూ చెప్పేస్తే చాలు కదా అని. వాళ్ల మాటలో బలం ఉంది. అదే వస్తువు ఉన్నవాళ్లకి నంబరు కంటే కచ్చితమైనది ఇంకేదీ లేదు. మాటల్లో ఎంత వర్ణించినా పొరపాటుకి చోటుంటుంది.

రెండో పక్షం చెప్పేది, ఒక కంపెనీ నంబరుకీ ఇంకో కంపెనీ నంబరుకీ ఏ సంబంధమూ లేదు. అందరూ పాటించే ఒకే కొలత అంటూ లేదు, ఒకచోట 220 అన్నది ఇంకోచోట ఉండనే ఉండదు, ఉన్నా రంగు వేరు. ఇంకా ముఖ్యమైనది, చూపించేవాళ్ల చర్మానికి నప్పిన నంబరు చూసేవాళ్ల చర్మానికి అదే పని చేయదు. ఉదాహరణకి న్యూడ్ లిప్‌స్టిక్. లేత చర్మం మీద సహజంగా కనిపించిన లేత బీజ్ రంగు, ముదురు చర్మం మీద పెదాలకి సుద్ద రాసినట్టు తేలుతుంది. అక్కడ న్యూడ్ అంటే ముదురు బ్రౌనే. నంబరు ఒకటే, పని రెండు.

కాబట్టి పోలిక చర్మంతోనే పెట్టాలని వీళ్లంటారు: "మీ చర్మం కంటే ఒక మెట్టు ముదురు". ఇది మూడు ముఖాల మీద ఎలా పనిచేస్తుందో చూడండి. చాలా లేత చర్మానికి ఒక మెట్టు ముదురంటే లేత ఇసుక రంగు. చామనఛాయకి మామూలు బ్రౌన్. బాగా ముదురు చర్మానికి చాక్లెట్‌ని దాటిన నల్లటి బ్రౌన్. మూడు వేరువేరు పొడులు, కానీ మూడు ముఖాల మీదా రెప్ప మడతలో వచ్చే నీడ ఒకటే.

దీనికీ ఒక లోపం ఉంది, "మెట్టు" ఎంత ఎత్తో ఎవరూ కొలిచి పెట్టలేదు. ఫౌండేషన్ వరుసలో పక్కపక్క షేడ్ల మధ్య తేడా అంత చిన్నదాన్ని కంటి మీద పెడితే కనిపించదు. నాకు బాగా పనిచేసింది, మెట్టుతో పాటు ఫలితాన్ని కూడా చెప్పడం: "నీడ పడినట్టు కనిపించాలి, రంగు పూసినట్టు కాదు". అప్పుడు చూసేవాళ్లు అద్దంలో తమకి తామే సరిచూసుకోగలరు. నంబరుని మాట్లాడకుండా స్క్రీన్ మీద రాస్తే రెండు పక్షాల వాళ్లకీ సరిపోతుంది, చెవికి పోలిక, కంటికి నంబరు. శబ్దం ఆపేసి చూసేవాళ్లకీ, వినపడనివాళ్లకీ ఆ రాత ఎలాగూ కావాలి. కాకపోతే స్క్రీన్ అడుగునా, కుడి అంచునా యాప్ బొమ్మలూ పేర్లూ వచ్చి కూర్చుంటాయి, అక్కడ రాసిన నంబరు ఎవరికీ కనిపించదు.

కెమెరా చెప్పే అబద్ధం

మాటలు అక్కర్లేదు, చూపిస్తే చాలదా అంటే, చాలదు. ఫోన్ కెమెరా ఏ వెలుతురులోనైనా తెలుపు తెల్లగా కనిపించేలా రంగుల్ని తనంతట తనే సర్దుతుంది. నీలం షర్ట్ వేసుకుని కూర్చుంటే ఒకలా, పసుపు గోడ ముందు కూర్చుంటే ఇంకోలా సర్దుతుంది. వెలుతురు సర్దుబాటు కూడా అంతే, ముఖం చీకటిగా ఉందనుకుంటే మొత్తం పెంచేస్తుంది, ముదురు బ్రౌన్ కాస్తా మామూలు బ్రౌన్ అయిపోతుంది. లిప్‌స్టిక్‌ని కెమెరాకి దగ్గరగా తెచ్చి చూపించేటప్పుడు గమనించండి, అది దగ్గరికి వచ్చేకొద్దీ వెనక ముఖం రంగు మారిపోతుంటుంది. కొన్ని ఫోన్లలో స్క్రీన్ మీద వేలు నొక్కి ఉంచితే AE/AF LOCK అని వస్తుంది, దాంతో వెలుతురు, ఫోకస్ మారకుండా ఉంటాయి, రంగుల సర్దుబాటు మాత్రం చాలా యాప్‌లలో విడిగా ఆపాలి. అదంతా చేసినా, చూసేవాళ్ల ఫోన్‌లో రాత్రిపూట పసుపు తెర ఆన్ అయి ఉంటే మన ఇటుక రంగు వాళ్లకి నారింజే. మాట మాత్రం ఏ తెర మీదా రంగు మారదు.

ఒకే షార్ట్, రెండు రకాలుగా

ఇప్పుడు ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. బ్రౌన్ కళ్లు, ఇటుక రంగు పెదాలు, 60 సెకన్లు. మామూలుగా కనిపించే పద్ధతిలో మాటలు ఇలా ఉంటాయి:

"హాయ్ అందరికీ, ఈ రోజు చాలా సింపుల్ లుక్. ముందు ఫౌండేషన్ వేసుకుని ఇలా బ్లెండ్ చేసుకోండి. ఈ పాలెట్‌లో ఈ షేడ్ తీసుకుని ఇక్కడ పెట్టండి. ఆ, దీనికి ముందు కన్సీలర్ వేశాను, చెప్పడం మర్చిపోయాను. ఇప్పుడు ఈ అందమైన బ్రౌన్‌తో డెప్త్ ఇవ్వండి. తర్వాత బ్లష్, మస్కారా, లిప్‌స్టిక్, అంతే!"

"ఇలా", "ఈ", "ఇక్కడ" ఇన్నిసార్లు వచ్చాయి, ప్రతి ఒక్కటీ తల తిప్పి స్క్రీన్ చూడమని అడిగే మాట. "మర్చిపోయాను" దగ్గర అప్పటికే వేసుకున్నవాళ్లు వెనక్కి వెళ్లాలి. "అందమైన" అన్నది రంగు గురించి ఏమీ చెప్పదు. అదే లుక్‌ని నేను ఇలా రాశాను:

"రెండు మ్యాట్ బ్రౌన్లు, ఒక ఇటుక రంగు లిప్‌స్టిక్. కళ్లు, చర్మం, పెదాలు, ఈ వరుసలో. సన్‌స్క్రీన్ రాశాను, ఇది ఆరేలోపు కళ్లు.

మొదటి బ్రౌన్, మీ చర్మం కంటే మెట్టు ముదురు. మెత్తటి బ్రష్‌తో, రెప్ప మడతలో, అటూ ఇటూ తిప్పండి. నీడలా ఉంటే చాలు. రెండో బ్రౌన్, ఇంకా ముదురు. సన్నటి బ్రష్‌తో, చెవి వైపు మూలలో, అద్ది అంచు కలపండి. మస్కారా ఒక్క పూత. కింద రాలిన పొడి తుడిచేయండి.

ఇప్పుడు చర్మం. మెడ రంగు ఫౌండేషన్, బఠాణీ గింజంత, ముక్కు నుంచి చెవి వైపుకి. అదే రంగు కన్సీలర్, కంటి కింద ముక్కు వైపు, ఒక్క చుక్క అద్దండి. క్రీమ్ బ్లష్, ఎరుపు కలిసిన బ్రౌన్, బుగ్గ ఎత్తు మీద. పౌడర్ ఆఖర్న, ముక్కు పక్కన, నుదుటి మీద.

పెదాలు. ఇటుక రంగు, అంటే బ్రౌన్ కలిసిన ఎరుపు, మ్యాట్. మధ్యలో మొదలుపెట్టి అంచుకి."

ఇదంతా దాదాపు నూరు మాటలు, చదివితే నిమిషంలో పడుతుంది, కాస్త బిగువుగానే. ముక్కల మధ్య ఒక్కో ఊపిరి విరామం ఇస్తే గుంపు మారిందని చెవికి తెలుస్తుంది. కొన్ని ఎంపికలకి కారణాలున్నాయి. ఫౌండేషన్‌ని మెడతో పోల్చాను, చేతితో కాదు, ఎందుకంటే ముఖం కింద ఆనుకుని కనిపించేది మెడే. క్రీమ్ బ్లష్ పౌడర్‌కి ముందుంది, "ఆఖర్న" అన్న మాట ఆ వరుసని గట్టిపరుస్తుంది. కన్సీలర్‌ని చర్మం కంటే లేతగా కాకుండా అదే రంగు అన్నాను. కంటి కింద నలుపు బాగా ఉన్నవాళ్లు నేరుగా లేత కన్సీలర్ వేస్తే కింది నీలం ఛాయ దాంతో కలిసి బూడిద రంగులో తేలుతుంది. నిజానికి దానికి ముందు నీలాన్ని అణచే నారింజ రంగు కరెక్టర్ పలచగా వేయాలి, లేత చర్మానికైతే దాన్నే ఇంకా లేతగా, పీచ్ రంగులో.

ఆ కరెక్టర్ ముక్క ఈ షార్ట్‌లో లేదు. పెడితే ఇంకో పది పన్నెండు మాటలు, ఇంకో ఆరేడు సెకన్లు, ఏదో ఒకటి తీసేయాలి. ఒక షార్ట్ ఒక లుక్‌ని చెప్పగలదు గానీ ఒక్కొక్కరి చర్మం సమస్యని చెప్పలేదు, అది ఇంకో షార్ట్‌కి సరిపడా పని. బ్రష్ ఎంత బరువుగా నొక్కాలన్నదీ అంతే, దాన్ని మాటల్లో పెట్టడం నాకింకా చేతకాలేదు, దృశ్యంలో కూడా పూర్తిగా తెలియదు.

రాసింది రికార్డ్ చేసి మళ్లీ మా పిన్ని కూతురి దగ్గరికే తీసుకెళ్లాను. ఈసారి ఫోన్‌ని బోర్లా పెట్టి, మాట ఒక్కటే వినిపిస్తూ వేసుకోమన్నాను. కళ్లు అయ్యేసరికి వీడియో మూడుసార్లు తిరిగింది, చర్మానికి ఇంకో నాలుగుసార్లు. స్క్రీన్‌ని ఒక్కసారీ తాకలేదు. ఒక్కచోట మాత్రం బ్రష్ పట్టుకుని ఆగి నా వైపు చూసింది: "అక్కా, అంచు కలపండి అంటే, పైకా, చెవి వైపుకా?" ఆ వాక్యాన్ని "అద్ది, అంచుని కనుబొమ్మ వైపుకి కలపండి" అని మార్చాను. పెరిగిన రెండు మాటల కోసం మొదట్లో "ఈ వరుసలో" తీసేశాను.